అమ్మకి జోళ్ళు కొనేముందు: కాలిని పట్టుకునే చెప్పులు ఎలా ఎంచుకోవాలి

మార్గశిర లక్ష్మివారం తెల్లవారుజామున, బరంపురంలోని మా ఇంటి వరండా కడిగేసి, ముగ్గు గిన్నె తెచ్చుకుందామని మా అమ్మ లోపలికి తిరిగింది. కాళ్ళకి మూడేళ్ళనాటి హవాయి జోళ్ళు. తిరిగిన కాలు తిరిగినచోట ఆగలేదు. కుడి మణికట్టు ఎముక విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. అప్పటికి అమ్మకి 73 ఏళ్ళు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో అందరం ఆ నున్నటి టైల్సు వేయించినవాణ్ణి తిట్టుకున్నాం. సాయంత్రం నేను ఆ జోళ్ళని తిరగేసి చూశాను. మడమ కింద గీత అన్నది లేదు, అరిగి అరిగి పళ్ళెం అడుగులా మెరుస్తోంది. బొటనవేలి కింద గుంట పడి, వెలుతురుకి పట్టి చూస్తే రబ్బరు పలచబడినట్టు తెలుస్తోంది. టైల్సుది తప్పు కాదని అనను గానీ, సగం తప్పు మాత్రం నా చేతిలోనే ఉంది.

ఆ తరవాత అమ్మకీ నాన్నకీ మూడు నెలల్లో నాలుగు జతలు కొన్నాను, రెండు తిరిగి ఇచ్చేశాను. ఆ తిప్పల్లో తెలిసినదే ఇది. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఉంటే ఇదే వరసలో చేసి చూడండి.

ముందు వాళ్ళ నడక చూడండి

కొట్టుకి వెళ్ళే ముందు ఒక రోజంతా వాళ్ళ కాళ్ళ వంక చూడండి. హవాయి చెప్పుకి వెనక పట్టీ ఉండదు కదా, అది జారిపోకుండా ఉండాలంటే అడుగు తీసిన ప్రతిసారీ వేళ్ళు ముడుచుకుని దాన్ని పట్టుకోవాలి. ఇరవై ఏళ్ళ వయసులో ఇది మనకి తెలియను కూడా తెలియదు. డెబ్భై దాటాక వేళ్ళలో ఆ బలం తగ్గుతుంది. అప్పుడు మనిషి తెలియకుండానే పాదం ఎత్తడం మానేసి ఈడుస్తూ నడుస్తాడు, ఎత్తితే చెప్పు ఊడుతుంది కాబట్టి. ఈడ్చే కాలికి గడప తగులుతుంది, చాప అంచు తగులుతుంది. అందుకే నేను కొట్లో ఒక్కటే ప్రశ్న గుర్తుపెట్టుకుని తిరిగాను: ఇక్కడ కాలు చెప్పుని పట్టుకుంటోందా, చెప్పు కాలుని పట్టుకుంటోందా?

నడిచేటప్పుడు చప్పుడు కూడా వినండి. మడమ దగ్గర టపటపమని కొడుతుంటే వెనక భాగం వదులుగా ఉందని. సర్ర్ సర్ర్ మని ఈడుస్తున్న చప్పుడు వస్తే అది వేరే సంగతి, దాని గురించి కింద చెప్తాను.

తరవాత, రోజులో ఎన్నిసార్లు విప్పుతారో లెక్కపెట్టండి. మా అమ్మని ఒక రోజు లెక్కపెడితే పద్నాలుగు సార్లు వచ్చింది. పూజగది, వంటిల్లు, తులసికోట, గుడి, పక్కింటి ఒరియావాళ్ళ గుమ్మం, కిరాణా వాడి మెట్టు. అన్నిసార్లు వంగి లేసులు కట్టే ఓపిక ఎవరికీ ఉండదు. లేసుల బూట్లు కాలిని బాగానే పట్టుకుంటాయి, కానీ మన ఇళ్ళలో మూడోరోజుకే వాటి వెనక భాగాన్ని తొక్కేసి, వాటిని కూడా చెప్పుల్లాగే ఈడుస్తారు. అలా తొక్కిన బూటు హవాయి కన్నా ప్రమాదం. కాబట్టి ఎంచుకోవాల్సింది బాగా పట్టుకునేది మాత్రమే కాదు, కూర్చునో నిలబడో పది సెకన్లలో వేసుకుని విప్పగలిగేది.

ఇంట్లో వట్టి కాళ్ళ సంగతి

ఇక్కడే మా ఇంట్లో పెద్ద గొడవ. "ఇంట్లో జోళ్ళేంటే? లక్ష్మీదేవి తిరిగే ఇల్లు" అంది అమ్మ. నేను వాదించలేదు. వేరే దేశాల్లో వృద్ధుల మీద చేసిన అధ్యయనాల్లో, ఇంట్లో పడ్డవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతోనో మేజోళ్ళతోనో ఉన్నట్టు తేలింది. అయితే జీవితమంతా వట్టి కాళ్ళతో తిరిగిన మన పెద్దవాళ్ళకి పాదం అడుగున నేల స్పర్శ బాగా తెలుస్తుంది, అది కూడా నిలదొక్కుకోడానికి సాయపడేదే. పొడిగా ఉన్న నేల మీద, కాలికి స్పర్శ బాగా ఉన్న మనిషి వట్టి కాళ్ళతో నడిస్తే నేను పెద్దగా కంగారు పడను. మేజోళ్ళు మాత్రం తొడుక్కుని నున్నటి గచ్చు మీద నడవనివ్వకండి. అది వట్టి కాలికంటే చాలా జారుతుంది.

మేము చేసుకున్న రాజీ ఇది. పూజగదిలోకీ వంటింట్లోకీ చెప్పులు రావు. నీళ్ళు పడే చోట్లకి, అంటే వరండా, పెరడు, స్నానాల గది, బట్టలుతికే బండ, ఒక లోపలి జత. అది ఎప్పుడూ వీధిలోకి వెళ్ళదు, వారానికి ఒకసారి కడుగుతాం. వీధికి వేరే జత. "ఇది వీధి మైల తగలని జోడు" అన్నాక అమ్మకి అభ్యంతరం సగం పోయింది. మిగతా సగం మణికట్టు నొప్పి తీర్చింది.

సైజు సాయంత్రం తీయండి

మా అమ్మ ముప్పై ఏళ్ళుగా నాలుగో నంబరు జోడే కొంటోంది. ఇప్పటికీ నాలుగే అంటుంది. వయసుతో పాదంలోని బంధాలు సడలి పాదం కాస్త పొడవూ వెడల్పూ అవుతుంది. అది ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు.

కొలత ఇంట్లోనే తీయండి, అదీ సాయంత్రం. పొద్దున్నకంటే సాయంత్రానికి పాదాలు ఉబ్బి ఉంటాయి. కొన్ని బీపీ మాత్రలతో కూడా చీలమండల దగ్గర వాపు వస్తుంది. కొలిచేముందు గోళ్ళు తీయండి. అట్టముక్క నేల మీద పరిచి, మనిషిని దాని మీద నిలబెట్టండి, కూర్చోబెట్టి కాదు. బరువు పడితేనే పాదం దాని అసలు వెడల్పుకి వస్తుంది. పట్టుకోడానికి ఒక కుర్చీ పక్కన ఉంచండి. పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీయండి. వాలిస్తే గీత పాదం కిందికి వెళ్ళిపోయి కొలత తగ్గుతుంది. రెండు పాదాలూ గీయండి. అమ్మకి ఎడమ పాదం 23.4 సెంటీమీటర్లు, కుడిది 23.8. ఎప్పుడూ పెద్ద పాదానికే కొనాలి.

ఆ అట్టని గీత వెంట కత్తిరించి కొట్టుకి పట్టుకెళ్ళండి. అంకెలు నమ్మకండి, ఒక కంపెనీ ఐదు ఇంకో కంపెనీ ఐదుతో కలవదు. మన దగ్గర అమ్మే సైజుల్లో ఒక నంబరుకీ తరవాతి నంబరుకీ తేడా సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, అంటే ఒక నంబరు తప్పితే ఒక బొటనవేలి గోరంత తప్పినట్టే. అట్టని చెప్పులో పెట్టి చూడండి. ముందు భాగంలో అన్నిటికంటే పొడవైన వేలికి అవతల ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పక్కల అట్ట మడత పడినా, అంచు దాటి బయటికి వచ్చినా ఆ జోడు ఇరుకు. పొడవు సరిపోయి వెడల్పు సరిపోకపోతే పెద్ద నంబరు తీసుకుందాం అనిపిస్తుంది, తీసుకోకండి. ముందు భాగం పొడవైపోయి దానికే తట్టుకుంటారు. వేరే మోడలు చూడండి.

ఆడవాళ్ళకి ఇంకో రెండు ఉన్నాయి. మెట్టెలు పెట్టుకునే వేలి మీదకి పట్టీ వస్తే నడిచినకొద్దీ ఒరుసుకుంటుంది, కాబట్టి మెట్టెలతోనే వేసి చూడాలి. చీర కుచ్చిళ్ళు పాత జోడు ఎత్తుకి అలవాటై ఉంటాయి. రెండు అంగుళాల మడమ నుంచి ఒక్కసారి బల్లపరుపు జోడుకి మారితే చీర నేల మీద పారాడి కాలికింద పడుతుంది. జోడు మార్చిన రోజే అమ్మకి రెండు వేళ్ళు ఎత్తుగా కట్టుకోమని చెప్పాను.

కొట్లో చేయాల్సిన పరీక్ష

కొట్టు కుర్రాడు అమ్మ ముందు ఒక జత పెట్టి, "మావుసీ, ఖసిబొ నాహిఁ" అన్నాడు, జారదు పిన్నీ అని. ప్రతి జతకీ అదే మాట అన్నాడు. అందుకని మాటతో పని పెట్టుకోకుండా చేత్తో చూసుకోవాలి.

మొదట మడమ. వెనక అడుగు ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ పడే ప్రమాదం పెరుగుతుంది. మీ బొటనవేలి మొదటి కణుపు పొడవు సుమారు అంతే ఉంటుంది, దాన్ని పక్కన ఆనించి చూసుకోండి. ఎత్తు తక్కువైనంత మాత్రాన సరిపోదు, మడమ నేలకి తాకే భాగం వెడల్పుగా ఉండాలి. చిన్న ముక్క మీద నిలబెట్టే మడమలు ఎంత తక్కువ ఎత్తువైనా వద్దు. ఇంకా, మడమ వెనక అంచు పదునుగా మూలలా కాకుండా కాస్త వాలుగా పైకి చెక్కినట్టు ఉంటే మంచిది. మనం అడుగు వేసేటప్పుడు ముందు నేలకి తగిలేది ఆ అంచే. అది వాలుగా ఉంటే ఎక్కువ రబ్బరు ఒకేసారి నేలని తాకుతుంది, మూలలా ఉంటే సన్నటి గీత మీద మొత్తం బరువు పడి జారుతుంది.

తరవాత అడుగు. మెత్తగా ఉంటే కాళ్ళకి సుఖం అనుకుని మనం కొట్లో వేలితో నొక్కి, స్పాంజిలా దిగితే ముచ్చటపడతాం. పెద్దవాళ్ళకి ఇదే తిరగబడుతుంది. దళసరి మెత్తటి అడుగు మీద నేల ఎటు వాలి ఉందో పాదానికి తెలియదు, పరుపు మీద నిలబడ్డట్టు ఊగుతారు. అడుగు పలచగా, గట్టిగా ఉంటే సమతూకం బాగుంటుందని పరిశోధనల్లో కూడా తేలింది. లోపల పాదం తాకే పొర కాస్త మెత్తగా ఉండి, కింద అడుగు గట్టిగా ఉన్నది చూడండి. చెప్పుని రెండు చేతులా పట్టుకుని వంచండి. వేళ్ళ మొదట్లో, నడిచేటప్పుడు పాదం వంగేచోట వంగాలి. మధ్యలో విరిగినట్టు వంగితే వద్దు. తడిబట్ట పిండినట్టు మెలితిప్పి చూడండి, సులువుగా తిరిగిపోతే అదీ వద్దు. వెనక కప్పు ఉన్న జోడైతే ఆ కప్పుని బొటనవేలితో లోపలికి నొక్కండి. ఒరిగిపోకుండా నిలబడాలి.

ఇక పట్టు. అడుగున గాళ్ళు నీళ్ళు బయటికి పోడానికి దారి చూపాలి, అంటే పక్కల అంచు దాకా తెరుచుకుని ఉండాలి. చుట్టూ గోడ కట్టినట్టు మూసి ఉంటే నీళ్ళు లోపలే చిక్కుకుంటాయి. గాళ్ళు ఎంత అందంగా ఉన్నా రబ్బరు గట్టి ప్లాస్టిక్‌లా ఉంటే లాభం లేదు. గోరుతో నొక్కితే కాస్త దిగి మళ్ళీ లేవాలి. తేలికగా ఉంటాయని ఇప్పుడు అందరూ కొనే ఫోము అచ్చు చెప్పులు కొత్తలో బాగానే పట్టుకుంటాయి గానీ అడుగున విడిగా రబ్బరు పొర లేనివి త్వరగా అరిగి నున్నబడతాయి. బరువు తక్కువే, కానీ ఆ సుఖానికి మేం ఒకసారి మూల్యం చెల్లించాం.

తడి పరీక్ష ఎలాగంటే, కొట్టువాణ్ణి అడిగి గ్లాసుడు నీళ్ళు టైలు మీద పోయించండి. చెయ్యి చెప్పులోకి దూర్చి, మీ బరువంతా దాని మీద వేసి నొక్కి, మెల్లగా ముందుకు తోయండి. పక్కనే మీ అమ్మగారి పాత చెప్పుతో కూడా అదే చేయండి. మంచి రబ్బరు కీచుమని మొరాయించి ఆగుతుంది, పాతది వెన్న మీద గరిటెలా పోతుంది. చెయ్యికి వెంటనే తెలుస్తుంది, ఏ లేబుల్ చదవక్కర్లేదు. అయితే కొత్త అడుగు మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉండి మొదటి రెండు మూడు రోజులు జారవచ్చు. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్ళతో అడుగు తోమి, సన్నటి గరుకుకాగితంతో ఒకసారి రుద్దండి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సబ్బు నురగ మీద, చిందిన నూనె మీద, వానాకాలం పెరట్లో పట్టే పాకుడు మీద ఏ జోడూ నమ్మదగినది కాదు. పాకుడు కనిపిస్తే బ్లీచింగ్ పొడి చల్లి, చీపురుతో గట్టిగా తోమి కడగడమే. జోడు కొనేసి ఆ పని మానేయకండి.

ఇప్పుడు సర్ర్ మని ఈడ్చేవాళ్ళ సంగతి. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు, వణుకుడు జబ్బు ఉన్నవాళ్ళు పాదం సరిగా ఎత్తలేరు. వాళ్ళకి మరీ అంటుకునే రబ్బరు కొంటే, ఈడ్చిన కాలు నేలకి పట్టుకుని ఆగిపోతుంది, ఒళ్ళు ముందుకి పోతుంది. జారి వెనక్కి పడేవాళ్ళు కాస్తా తట్టుకుని ముందుకి పడతారు. అలాంటివాళ్ళకి ముందు వేళ్ళ దగ్గర అడుగు కాస్త పైకి లేచి ఉన్నది, పట్టు మధ్యరకంగా ఉన్నది తీసుకోండి. వీలైతే ఫిజియోథెరపీ చేసేవాళ్ళ ఎదుట నడిపించి చూడండి.

వెల్క్రో, చీర, ముడుచుకున్న వేళ్ళు

ఆఖరికి మేం తీసుకున్నది ముందు వెడల్పు పట్టీ, చీలమండ మీదుగా ఇంకో పట్టీ, వెనక పట్టీ ఉన్న వెల్క్రో శాండల్. కీళ్ళ నొప్పులున్న వేళ్ళతో బకిల్ సూదిని చిన్న చిల్లులో దూర్చడం ఎంత కష్టమో ఒకసారి అమ్మని చూస్తే తెలిసింది. మొదటిసారి కొన్న జత అందుకే తిరిగి ఇచ్చాం. ఎలాస్టిక్ పట్టీ కూడా సులువే కానీ ఆరేడు నెలలకి సాగిపోతుంది. సాగిన సంగతి మనకి తెలిసేలోపు పాదం మళ్ళీ చెప్పుని పట్టుకోవడం మొదలుపెడుతుంది.

వెల్క్రో చూసేటప్పుడు పట్టీ మూశాక కనీసం మూడు వేళ్ళ వెడల్పున ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉండాలి. సాయంత్రం పాదం ఉబ్బితే వదులు చేసుకోడానికి అంత చోటు కావాలి. పట్టీ కొస పట్టుకుని లాగడానికి అంటుకోని ముక్క ఉండాలి, లేకపోతే అలాంటి నాడా ముక్క ఒకటి కుట్టించండి. మా వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన 20 రూపాయలకి రెండు జోళ్ళకీ కుట్టాడు. కొన్న శాండల్‌కి వెనక పట్టీ లేకపోయినా ఆయనలాంటివాళ్ళు కుట్టిపెడతారు. ముందు అడుగు బాగున్న జోడు ఎంచుకుని పట్టీ కుట్టించుకోవడం తప్పేమీ కాదు.

ఇంటికి తెచ్చిన నాలుగోరోజు అమ్మ ఆ జోళ్ళు తీసి మూల పడేసింది. గుడికి వెళ్తే వెల్క్రో ముళ్ళు చీర అంచుకి పట్టి పోగులు లాగేశాయిట. అది నా పెళ్ళినాటి బరంపురం పట్టు చీర, కాబట్టి కోపం న్యాయమే. చూస్తే పట్టీ పూర్తిగా మూసినా గరుకు భాగం ఒక వేలంత బయటికి కనిపిస్తోంది. కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళి ఆ మిగులు భాగం మీద మెత్తటి ముక్క కుట్టించాం. ఆ తరవాత చీర గొడవ లేదు. కాళ్ళ పట్టీలు పెట్టుకునేవాళ్ళకి కూడా ఇదే చూడాలి. ఇలాంటివి చిన్నవిగా కనిపిస్తాయి గానీ పెద్దవాళ్ళు జోడు వదిలేసేది ఇలాంటి కారణాలకే, పట్టు లేదని కాదు.

గుమ్మం పక్కన ఒక గట్టి కుర్చీ వేయండి, చేతులు ఆన్చుకునేలా ఉన్నది. ఒంటికాలి మీద నిలబడి గోడ పట్టుకుని జోడు తొడుక్కునే క్షణంలోనే పడేవాళ్ళున్నారు.

ఇంట్లో వారం రోజులు

కొత్త జోడు బయటికి వేసుకెళ్ళేముందు ఇంట్లోనే వేయించి చూడండి, అడుగు మాయకపోతే తిరిగి ఇచ్చే వీలుంటుంది. గది చివరిదాకా నడిచి, ఆగి, వెనక్కి తిరగమనండి. మా అమ్మ పడింది నడిచేటప్పుడు కాదు, తిరిగేటప్పుడు. తిరిగినప్పుడు పాదం చెప్పులో పక్కకి జరుగుతోందా చూడండి. రెండు మెట్లు ఎక్కి దిగమనండి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుచ్చుకోకూడదు. మడమ చెప్పు నుంచి లేవకూడదు.

మొదటిరోజు అరగంట చాలు. విప్పాక పాదం చూడండి. పట్టీ ఒత్తిన ఎర్రగీత కాసేపట్లో పోతే పర్వాలేదు, అరగంట తరవాత కూడా అలాగే ఉంటే అక్కడ బిగుతు ఎక్కువ. రోజుకి కొంచెం చొప్పున పెంచండి. మా అమ్మకి కుడి చిటికెన వేలి దగ్గర మచ్చ వచ్చింది, ముందు పట్టీ ఒక వేలు వదులు చేస్తే పోయింది.

మా నాన్న జోడు వేరు

నాన్నకి ఇరవై ఏళ్ళుగా షుగర్. ఒకరోజు మూలమీద కొట్టు దాకా వెళ్ళి ఒక కాలికే చెప్పుతో తిరిగి వచ్చాడు. రెండోది దారిలో ఎప్పుడు ఊడిందో తెలియలేదుట. మేం నవ్వుకున్నాం. నవ్వకూడని సంగతి అది. చెప్పు ఊడినా తెలియకపోవడం అంటే పాదంలో స్పర్శ పోతోందని అర్థం. మీ ఇంట్లో ఇలా జరిగితే చెప్పుల కొట్టుకి కాదు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి పాదాల స్పర్శ చూపించండి.

స్పర్శ తగ్గినవాళ్ళకి పైన చెప్పిన పలచటి గట్టి అడుగు లెక్క వర్తించదు. వాళ్ళకి పుండు పడటం కూడా పడిపోవడమంత ప్రమాదమే, కాబట్టి ఒత్తిడి పంచే మెత్తటి లోపలి పొర కావాలి. షుగర్ చెప్పులు, ఎమ్‌సీఆర్ చెప్పులు అని అమ్మేవి ఇలాంటివే. లోపల మెత్తటి సన్నటి రంధ్రాల రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి రబ్బరు ఉంటాయి. వేళ్ళ మధ్య పట్టీ ఉండకూడదు, అది ఒరిసి పుండు చేస్తుంది. వెనక పట్టీ తప్పకుండా ఉండాలి. లోపల మేకులు కొట్టినది కాకుండా అతికించి కుట్టినది అయి ఉండాలి. వేసుకునే ప్రతిసారీ ముందు చెయ్యి పెట్టి లోపల రాయీ రప్పా ఉందేమో తడమాలి, రాత్రి పాదాల అడుగు చూసుకోవాలి. నాన్న వంగలేడు కాబట్టి ఆ పని నా తమ్ముడికి అప్పజెప్పాం. స్పర్శ లేనివాళ్ళకి బిగుతు కూడా తెలియదు. "సరిపోయిందా నాన్నా?" అని అడిగితే ఇరుకుదానికే సరిపోయింది అంటాడు. అందుకే అక్కడ అట్ట చెప్పిందే వినాలి.

అరుగుదల ఎప్పుడు చూడాలి

నెలకి ఒకసారి జోళ్ళు తిరగేసి చూడండి. మేము కొన్న తేదీని పెన్నుతో అడుగు మీద రాస్తాం. మడమ వెనక భాగంలో గాళ్ళు కనబడకుండా పోతే, ఒక పక్కే ఎక్కువ అరిగి జోడు బల్ల మీద పెడితే వాలితే, మార్చేయాలి. ఒక పక్కే వేగంగా అరుగుతుంటే మోకాలో తుంటో నొప్పి ఉండి ఆ కాలి మీద వేరేగా బరువు వేస్తున్నారేమో అడగండి.

వెల్క్రోలో చీర పోగులు, వెంట్రుకలు, దుమ్ము పేరుకుంటే అది అంటుకోదు. పాత టూత్‌బ్రష్‌తో నెలకోసారి గీకితే మళ్ళీ పట్టుకుంటుంది. అలా గీకినా నడకలో విడిపోతుంటే కొత్త ముక్క కుట్టించాలి.

మా సముద్రం దగ్గరి గాలిలో ఇంకో చిక్కు ఉంది. పీయూ అనే తేలికపాటి అడుగున్న జోళ్ళు వాడకపోయినా తేమకి లోపల్లోపలే పాడవుతాయి. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రకి వేసుకుందామని కొత్తవి పెట్టెలో దాచి, నాలుగేళ్ళకి తీస్తే, పది అడుగులకే కింద అడుగు పొడిపొడిగా రాలి ఊడిపోయింది మా పిన్నికి. నడుస్తూ ఉండగా అడుగు ఊడితే పడక ఏం చేస్తారు? పెద్దవాళ్ళకి పండగకని దాచి ఉంచకండి, కొన్నవి వాడేయమనండి. దాచినది తీసేముందు అడుగుని వంచి, గోరుతో గుచ్చి చూడండి. పగుళ్ళు కనిపించినా, జిగటగా తగిలినా పారేయాలి.

జోడు సరిచేశాక కూడా పడ్డారంటే, లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే, రాత్రి లేచినప్పుడే తూలుతున్నారంటే అది అడుగు కింది సంగతి కాదు. మాత్రలు, బీపీ, కంటిచూపు డాక్టరుకి చూపించుకోవాలి.

చివరగా, పాత జోళ్ళు ఇంట్లో ఉంచకండి. మేం కొత్తవి కొన్న నెలకి అమ్మ కాళ్ళకి మళ్ళీ టపటప చప్పుడు వినిపించింది. మేం పారేశామనుకున్న హవాయి జోళ్ళు బట్టలుతికే బండ వెనక దొరికాయి, "నీళ్ళలోకి ఇవే హాయి" అని దాచుకుందిట. ఈసారి పట్టీలు కత్తెరతో తెగ్గోసి మరీ చెత్తబండిలో వేశాను.